నెల తప్పడం, నెలసరి రాకపోవడం: గర్భనిరోధక సలహాల అనువాదంలో అర్థవిచారం

ప్రవేశిక

తెలుగులో వైద్య విషయాల అనువాదాన్ని గురించిన చర్చ చాలాకాలంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది. పారిభాషిక పదం సంస్కృత సమాసంగా ఉండాలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచుకోవాలా, దేశ్యపదాన్ని వెతికి తేవాలా అన్నదే ఆ ప్రశ్న. పాఠ్యపుస్తకానికి ఈ చర్చ సరిపోతుంది. అక్కడ పదం పక్కన నిర్వచనం ఉంటుంది, పటం ఉంటుంది, వివరించడానికి అధ్యాపకుడు ఉంటాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భనిరోధక పద్ధతులను గురించి దంపతులకు చెప్పే మాటకు ఈ ఆసరాలేవీ లేవు. విన్నవారు ఇంటికి వెళ్ళి, ఆ మాట తమకు అర్థమైన తీరులో నడుచుకుంటారు. ఎంచుకున్న పదం శాస్త్రానికి ఎంత దగ్గరగా ఉన్నా, వినేవారి భాషలో దానికి అప్పటికే మరొక అర్థం స్థిరపడి ఉంటే, ఆ రెండో అర్థమే వారిని నడిపిస్తుంది.

అందువల్ల ఈ రంగంలో అనువాదాన్ని పదానికి పదం సరిపోయిందా అని కాక, విన్న తరువాత మనిషి ఏం చేస్తాడు, ఏం చేస్తుంది అన్న దృష్టితో పరిశీలించవలసి ఉంటుంది. మర్యాద, యథార్థత అనే రెండు గుణాలు ఇక్కడ వేర్వేరు కావు. మర్యాద కోసం మాటను మరుగుపరిస్తే యథార్థం పోతుంది. యథార్థం కోసం పాఠ్యపుస్తకపు మాటను తెచ్చి పెడితే వినేవారి భాషను లెక్కచేయనట్లవుతుంది. ఈ వ్యాసం కుటుంబ నియంత్రణ అన్న పేరును, ‘నెల తప్పడం’ అన్న జాతీయాన్ని, శుక్ర శబ్ద వ్యవహారాన్ని, సలహాలో వాడే క్రియారూపాలను ఈ దృష్టితో విశ్లేషించి, అనువాదాన్ని సరిచూసే ఒక పద్ధతిని సూచిస్తుంది.

పథకం పేరు, పద్ధతి పేరు

భారత ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని 1952లో ప్రారంభించింది. హిందీలో దానికి ‘పరివార్ నియోజన్’ అన్న పేరు వచ్చింది. నియోజనమంటే ప్రణాళిక, ముందుచూపుతో చేసుకునే ఏర్పాటు. తెలుగులో ‘కుటుంబ ప్రణాళిక’ అన్న మాట అక్కడక్కడ కనిపించినా, స్థిరపడినది ‘కుటుంబ నియంత్రణ’. నియంత్రించేవారొకరు, నియంత్రణకు లోబడేవారొకరు అన్న సూచన ఆ పదంలోనే ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో జరిగిన నిర్బంధ శస్త్రచికిత్సల తరువాత 1977లో కేంద్రం కార్యక్రమం పేరును కుటుంబ సంక్షేమంగా మార్చింది. కార్యాలయాల బోర్డుల మీద పేరు మారింది కాని వాడుకలో మారలేదు. వార్తాపత్రికలు దానిని ‘కు.ని.’ అని కుదించుకున్నాయి. ‘కు.ని. ఆపరేషన్’ అన్నది శీర్షికల భాషలో భాగమైపోయింది.

పేరులోని ఈ సూచన కన్నా ఆచరణలో ఎక్కువ చిక్కు తెచ్చేది అర్థసంకోచం. ‘ఆమెకు ఫ్యామిలీ ప్లానింగ్ అయింది’ అంటే తెలుగు వ్యవహారంలో ఆమెకు పిల్లలు కలగకుండా శస్త్రచికిత్స జరిగిందనే అర్థం. మాత్రలు వాడుతున్న స్త్రీని గురించి గాని, నిరోధ్ వాడుతున్న పురుషుణ్ణి గురించి గాని ఆ మాట అనరు. ఈ సంకోచానికి కారణం ఆచరణలోనే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రస్తుతం వివాహబంధంలో ఉన్న 15–49 ఏళ్ళ స్త్రీలలో శస్త్రచికిత్స చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 38 శాతం దాకా ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఉన్నారు. ఎక్కువమందికి తెలిసిన పద్ధతి ఒక్కటే కావడంతో కార్యక్రమం పేరు ఆ పద్ధతికే పేరయింది.

దీని ఫలితం సంభాషణలో వెంటనే కనిపిస్తుంది. ‘మీరు కుటుంబ నియంత్రణ పాటిస్తున్నారా?’ అన్న ప్రశ్న అనువాదంగా నిర్దుష్టమే. దానికి ‘ఇంకా చేయించుకోలేదండీ’ అన్న జవాబు సహజం. ఆ జవాబు ఇచ్చిన స్త్రీ మాత్రలు వాడుతూ ఉండవచ్చు, కాపర్-టి ఉండవచ్చు. అడిగినవారు ‘ఏ పద్ధతీ వాడడం లేదు’ అని రాసుకుంటారు. కొత్తగా పెళ్ళయిన దంపతులతో ‘కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడదాం’ అని మొదలుపెడితే, పిల్లలే లేనివారికి ఆపరేషన్ మాట ఎందుకెత్తుతున్నారన్న కలవరం పుడుతుంది. ఇక్కడ పదాన్ని మార్చడం కన్నా ప్రశ్నను విప్పి అడగడం మేలు. ‘ఇప్పుడిప్పుడే గర్భం రాకుండా ఉండడానికి మీరు ఏమైనా వాడుతున్నారా?’ అన్న వాక్యంలో కార్యక్రమం పేరు లేదు, శస్త్రచికిత్స స్ఫురణ లేదు. కాన్పుకూ కాన్పుకూ నడుమ వ్యవధి గురించి చెప్పేటప్పుడు ‘ఎడం’ అన్న దేశ్యపదం సిద్ధంగా ఉంది. ‘బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉండడం’ అన్నప్పుడు నియంత్రణ భావం రాదు. ‘అంతర వ్యవధి పాటించడం’ వంటి సమాసానికి ఆ సౌలభ్యం లేదు.

‘నెల తప్పడం’: ఒకే మూలానికి మూడు అనువాదాలు

ఇంగ్లీషు సలహా పత్రాలలో ‘మిస్డ్ పీరియడ్’ అన్న పదబంధం తరచుగా వస్తుంది. రావలసిన సమయానికి నెలసరి రాలేదన్నంత వరకే దాని అర్థం. కారణమేమిటో ఆ మాట చెప్పదు. తెలుగులో దానికి మొట్టమొదట తట్టే సమానార్థకం ‘నెల తప్పడం’. రెండింటి నిర్మాణం కూడా ఒకటే. కాని తెలుగులో ‘నెల తప్పింది’ అన్నది కేవలం లక్షణాన్ని చెప్పే వాక్యం కాదు. ‘ఆమె నెల తప్పింది’ అంటే ఆమె గర్భవతి అయిందని వార్త. లక్షణం పేరు ఫలితానికి పేరుగా స్థిరపడిన జాతీయం అది. ఈ భేదం మూడు పద్ధతుల విషయంలో మూడు విధాలుగా పని చేస్తుంది.

మొదటిది స్త్రీల శస్త్రచికిత్స. గొట్టాలను మూసిన తరువాత కూడా అరుదుగా గర్భం రావచ్చు. అందువల్ల అంగీకార పత్రంలో, నెలసరి రాకపోతే రెండు వారాలలోగా వైద్యుని వద్దకు రావాలన్న షరతు ఉంటుంది. ఇక్కడ ‘నెల తప్పితే రెండు వారాల్లోపు రండి’ అన్న అనువాదం చక్కగా అమరుతుంది. గర్భం వచ్చి ఉండవచ్చునన్న అనుమానం కలిగించడమే ఆ వాక్య ప్రయోజనం. జాతీయంలోని అదనపు అర్థం ఇక్కడ సహాయం చేస్తుంది. ‘ఋతుస్రావం ఆగినచో’ అని రాస్తే ఆ హెచ్చరిక మొద్దుబారుతుంది.

రెండవది 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ‘అంతర’ పేరుతో ఇస్తున్న ఇంజక్షన్. మూడు నెలలకొకసారి ఇచ్చే ఈ మందు అండం విడుదలను ఆపుతుంది, గర్భాశయపు లోపలి పొరను పలుచగా ఉంచుతుంది. దీనివల్ల మొదటి నెలల్లో నెలసరి క్రమం తప్పుతుంది, మధ్యమధ్య కొద్దిగా రక్తం కనిపించవచ్చు. ఏడాది వాడేసరికి సుమారు సగంమందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. మందు పని చేస్తున్నప్పుడు జరిగేదే ఇది. ఈ విషయాన్ని ‘ఈ ఇంజక్షన్ వల్ల నెల తప్పవచ్చు’ అని అనువదిస్తే, గర్భం రాకుండా తీసుకునే మందు వల్ల గర్భం రావచ్చునని చెప్పినట్లవుతుంది. అలా విన్న స్త్రీ రెండో మోతాదుకు రాకపోవడానికి అవకాశం ఎక్కువ. వచ్చినా అనుమానంతో వస్తుంది.

మూడవది ‘ఛాయా’ మాత్ర. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ మాత్రలో హార్మోను ఉండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి చొప్పున వేసుకోవాలి. కొందరిలో దీనివల్ల నెలసరి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం సాధారణంగా మందు ప్రభావమే అయినా, పదిహేను రోజులు మించితే గర్భం లేదని నిర్ధారించుకోవాలి. అంటే ఇక్కడ వాక్యం మొదట ధైర్యం చెప్పాలి, ఒక హద్దు దాటాక జాగ్రత్త చెప్పాలి. ‘నెలసరి కొన్ని రోజులు ఆలస్యంగా రావచ్చు. అది మాత్ర వల్లనే. పదిహేను రోజులు దాటినా రాకపోతే మాత్రం వచ్చి పరీక్ష చేయించుకోండి’ అన్న మూడు చిన్న వాక్యాలు ఆ పని చేస్తాయి. ఇందులో ‘నెల తప్పడం’ అన్న జాతీయాన్ని ఎక్కడ పెట్టినా మొదటి వాక్యపు ధైర్యం చెడుతుంది.

మూలంలో ఒకే పదబంధం ఉన్నప్పుడు అనువాదంలోనూ ఒకే పదం ఉండాలన్నది సాంకేతిక అనువాదంలో సాధారణ నియమం. పైన చెప్పిన మూడు సందర్భాలు ఆ నియమానికి లోబడవు. శస్త్రచికిత్స పత్రంలో ‘నెల తప్పితే’, ఇంజక్షన్ పత్రంలో ‘నెలసరి రాకపోవచ్చు’, మాత్ర పత్రంలో ‘నెలసరి ఆలస్యం కావచ్చు’ అని వేర్వేరుగా రాయడమే మూలానికి విధేయత. ‘నెలసరి’ అన్న మాటకు మరొక సుగుణం కూడా ఉంది. ‘ముట్టు’, ‘బహిష్టు’ అన్న పదాలలో అంటు, వెలి అన్న భావాలు అంతర్లీనంగా ఉన్నాయి. నెలసరి అన్నప్పుడు అవి రావు. పట్టణాలలో ‘పీరియడ్స్’, ‘డేట్’ అన్న మాటలు వాడేవారితో ఆ మాటలే వాడడం కూడా సముచితమే.

అంతర ఇంజక్షన్ సలహా: ఒక అనువాద పరిశీలన

అంతర విషయంలో పదం సరిదిద్దినంత మాత్రాన అనువాదం పూర్తి కాదు. నెలసరి ఆగిపోవచ్చునని స్పష్టంగా చెప్పిన వెంటనే, ఆ రక్తమంతా ఎక్కడికి పోతుందన్న ప్రశ్న వస్తుంది. బయటికి పోవలసిన చెడు రక్తం లోపల నిలిచి రోగం తెస్తుందన్న భావన బలమైనది. దీనిని అపోహ అని కొట్టివేసే వాక్యాలు కొన్ని పత్రాలలో ‘అపోహలు–వాస్తవాలు’ అన్న రెండు గడుల పట్టికగా కనిపిస్తాయి. ఆ పట్టికలో మొదటి గడిలో తన నమ్మకాన్ని చూసుకున్న మనిషికి అది అవమానంగా తోచవచ్చు. పైగా, రక్తం నిలవ ఉండదని చెప్పినంత మాత్రాన ఎందుకు ఉండదన్నది తెలియదు.

కారణం చెప్పే వాక్యం ఇలా ఉండవచ్చు: ‘ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక పొర పెరుగుతుంది. గర్భం రాకపోతే ఆ పొర రాలి నెలసరిగా బయటికి వస్తుంది. ఈ ఇంజక్షన్ తీసుకున్నప్పుడు ఆ పొర సరిగా పెరగదు. పెరగనిది రాలదు. అందువల్ల లోపల నిలిచిపోయేదేమీ ఉండదు.’ ఇందులో ఎండోమెట్రియం అన్న పదం గాని, ‘గర్భాశయాంతర స్తరం’ అన్న సమాసం గాని లేదు. అయినా శాస్త్రపరంగా విడిచిపెట్టినదేమీ లేదు. పెరగడం, రాలడం అన్న క్రియలు ఆకుకూ కాయకూ వాడేవి. అవి ప్రక్రియను భయం లేకుండా కళ్ళకు కడతాయి.

తరువాతి చిక్కు కాలగణనలో వస్తుంది. ‘మూడు నెలలకొకసారి’ అన్న మాట సులువైనదిగా కనిపిస్తుంది. కాని చాలామంది స్త్రీలు నెలలను తమ నెలసరితోనే లెక్కపెట్టుకుంటారు. అంతర తీసుకున్న తరువాత ఆ గడియారమే ఆగిపోతుంది. అందువల్ల ఈ సలహాలో ‘నెల’ను కొలమానంగా వదిలి తేదీని చెప్పాలి. జనవరి 10న ఇంజక్షన్ తీసుకుంటే తరువాతి తేదీ ఏప్రిల్ 10. దానికి రెండు వారాల ముందు నుంచి, అంటే మార్చి 27 నుంచి తీసుకోవచ్చు. ఆలస్యమైతే నాలుగు వారాల వరకు, అంటే మే 8 వరకు ఇవ్వవచ్చు. మూలపత్రం ఈ గడువును ‘రెండు వారాల ముందు, నాలుగు వారాల తరువాత’ అని మాత్రమే చెబుతుంది. తెలుగు పత్రంలో దాన్ని అలాగే ఉంచితే, ఏ తేదీకి ముందు, ఏ తేదీకి తరువాత అన్న లెక్క వినేవారి మీద పడుతుంది. చీటీలో మూడు తేదీలూ రాసి, ‘ఏప్రిల్ 10న రండి. కుదరకపోతే ఈ రెండు తేదీల మధ్య తప్పక రండి’ అని చెప్పడం అనువాదంలో భాగమే.

చివరిది మానేసిన తరువాతి కాలం. ‘ఇంజక్షన్ ఆపితే మళ్ళీ గర్భం వస్తుంది’ అన్నది అబద్ధం కాదు, సగం నిజం. చివరి ఇంజక్షన్ నుంచి గర్భం రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది. ఈ అంకె చెప్పకపోతే, బిడ్డ కావాలనుకున్న దంపతులు మూడు నాలుగు నెలలకే మందు తమను గొడ్డుపోయేలా చేసిందని భయపడతారు. ఆ నింద మొదట పడేది భార్య మీద. తరువాత ఆ మాట ఊరిలో మందు మీదికి పాకుతుంది. ‘వెంటనే రాదు. ఏడెనిమిది నెలలు, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకుంటే ఈ పద్ధతి మీకు అంత అనుకూలం కాదు’ అన్న వాక్యాలు ముందే చెబితే, అది ఎంచుకోవడానికి పనికివచ్చే సమాచారమవుతుంది.

శుక్రం, వీర్యం, కణం

పురుషుల శస్త్రచికిత్స విషయంలో సమస్య జాతీయం వల్ల కాక పారిభాషిక పదం వల్లనే వస్తుంది. దేశం మొత్తం మీద వివాహిత స్త్రీలలో తమ భర్తల శస్త్రచికిత్స మీద ఆధారపడినవారు 0.3 శాతమేనని అదే సర్వే చెబుతున్నది. ఇంత తక్కువగా ఉండడానికి సామాజిక కారణాలు అనేకం. వాటికి భాష కూడా తోడవుతున్నదని చూపడం ఇక్కడి ఉద్దేశం.

తెలుగు పాఠ్యపుస్తకాలలో సంతానోత్పత్తికి కారణమయ్యే పురుష కణానికి ‘శుక్రకణం’ అని, అది ప్రయాణించే గొట్టానికి ‘శుక్రవాహిక’ అని పేర్లు. శుక్రం అన్నది ఆయుర్వేదంలో సప్తధాతువులలో చివరిది, శరీర బలానికి సారమని భావించినది. వ్యవహారంలో శుక్రం, వీర్యం పర్యాయపదాలు. వీర్యమన్న మాటకే పరాక్రమమన్న అర్థం ఉంది. కనుక ‘శుక్రవాహికలను కత్తిరించి ముడి వేస్తారు’ అన్న వాక్యాన్ని పాఠ్యపుస్తకం చదవని మనిషి విన్నప్పుడు, వీర్యం వచ్చే దారిని మూసివేస్తారని అర్థం చేసుకుంటాడు. ఎద్దుకు విత్తులు కొట్టించడం చూసిన రైతు కుటుంబాలలో ఈ వాక్యం ఏ ఊహ కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మగతనం పోతుందన్న భయం నిరక్షరాస్యత నుంచి పుట్టిందని అంటారు. కాని ఆ పదాల వ్యుత్పత్తి తెలిసిన పండితుడికి కూడా ఆ వాక్యం అదే చెబుతుంది.

జరిగేది వేరు. వీర్యంలో శుక్రకణాల భాగం నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు మాత్రమే. మిగిలిన ద్రవం శుక్రాశయాలు, పౌరుషగ్రంథి మొదలైన వాటి నుంచి వస్తుంది. అవి ఉన్నది మూసిన చోటికి పైన. వృషణాల నుంచి రక్తంలోకి చేరే హార్మోనుకు ఆ గొట్టాలతో సంబంధం లేదు. కాబట్టి అనువాదంలో శుక్రం అన్న మాటను రెండర్థాలకూ వాడకుండా, ద్రవాన్నీ కణాన్నీ విడదీయాలి. ‘వీర్యంలో బిడ్డ పుట్టుకకు కారణమయ్యే సన్నని కణాలు ఉంటాయి. అవి కంటికి కనిపించవు. అవి వచ్చి కలిసే గొట్టాలను మూస్తారు. వీర్యం మునుపటిలాగే వస్తుంది, దానిలో ఆ కణాలు మాత్రం ఉండవు. వృషణాలను కోయరు, తీయరు’ అన్నది ఆ విభజనను పాటించే వాక్యసముదాయం. ప్రచార పత్రాలలో స్థిరపడిన ‘కోత, కుట్టు లేని’ అన్న విశేషణం శస్త్రచికిత్స సులువును చెబుతుంది. భయం మాత్రం కోత గురించి కాదు, పోగొట్టుకోబోయేదాని గురించి. ఆ భయానికి జవాబు ‘వీర్యం మునుపటిలాగే వస్తుంది’ అన్న వాక్యమే.

ఈ విభజన మరొక కారణం వల్ల కూడా తప్పనిసరి. శస్త్రచికిత్స అయిన వెంటనే ఈ పద్ధతి పని చేయదు. మూసిన చోటికి పైన అప్పటికే ఉన్న కణాలు పూర్తిగా పోవడానికి సమయం పడుతుంది. మూడు నెలల పాటు నిరోధ్ గాని మరో పద్ధతి గాని వాడాలి. ఆ తరువాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాలి. వీర్యం వేరు, కణం వేరు అని ముందు చెప్పనివారు ఈ మూడు నెలల నియమాన్ని అర్థమయ్యేలా చెప్పలేరు. దారి మూసేశాక ఇంకా జాగ్రత్త ఎందుకని వినేవాడు అనుకుంటాడు. ఆ నియమం జారిపోయి భార్య గర్భవతి అయితే, అనుమానం వైద్యుడి మీదికి పోదు, ఆమె మీదికి పోతుంది. ఒక్క వాక్యం అనువాదంలో మరుగున పడినందువల్ల ఒక స్త్రీ తన శీలాన్ని రుజువు చేసుకోవలసి వచ్చే పరిస్థితి ఇది.

క్రియారూపాలూ సంబోధనా

కౌన్సెలింగ్‌కు తెలుగులో ‘సలహా’ అన్న మాట వాడుతున్నారు. సలహా ఇచ్చేవాడు ఏది చేయాలో చెబుతాడు. కౌన్సెలింగ్‌లో తెలుసుకోవలసినది చెప్పి, నిర్ణయాన్ని వినేవారికి విడిచిపెట్టడం ప్రధానం. ఈ భేదం నామపదంలో కన్నా క్రియలో ఎక్కువగా తెలుస్తుంది. ‘మీ భార్యకు ఆపరేషన్ చేయించండి’ అన్న వాక్యంలో ప్రేరణార్థక క్రియకు కర్త భర్త. భార్య ‘కు’ ప్రత్యయంతో వాక్యంలో ఉంది, నిర్ణయంలో లేదు. ‘మీరు ఆపరేషన్ చేయించుకోవచ్చు’ అన్నప్పుడు ‘కొను’ చేరినందువల్ల క్రియాఫలం కర్తకే చెందుతుంది, ‘వచ్చు’ చేరినందువల్ల ఎంపిక మిగులుతుంది. ‘లూప్ వేశారు’, ‘లూప్ వేయించుకున్నాను’ అన్న రెండు వాక్యాల మధ్య ఉన్నది అంగీకారమంత దూరం.

‘మీరు’ అన్న సర్వనామం బహువచనమూ గౌరవవాచకమూ కావడం మరొక చిక్కు. దంపతులిద్దరూ కూర్చున్నప్పుడు ‘మీరు ఆలోచించుకోండి’ అంటే, ఆ మాట భర్తకే అన్నట్టుగా ఇద్దరూ తీసుకోవడం సాధారణం. ‘మీరిద్దరూ’ అనడం, లేదా ‘అమ్మా, మీకేమనిపిస్తోంది?’ అని విడిగా అడగడం దీనికి పరిష్కారం. అయితే ‘మీరిద్దరూ కలిసే నిర్ణయించుకోవాలి’ అన్న వాక్యం మర్యాదగా వినిపించినా యథార్థం కాదు. శస్త్రచికిత్సకు జీవిత భాగస్వామి అంగీకారం తప్పనిసరి అని ప్రభుత్వ నిబంధనలు చెప్పడం లేదు. చేయించుకునేవారి అంగీకారమే కావాలి. ‘కలిసి మాట్లాడుకుంటే మంచిది. సంతకం మాత్రం మీ ఇష్టప్రకారం మీరు చేయాలి’ అన్నప్పుడు హితవూ నిబంధనా వేర్వేరుగా నిలుస్తాయి. ‘వాలి’ అన్న ప్రత్యయం నిబంధనకు, ‘మంచిది’ అన్నది హితవుకు పరిమితమైతే ఈ గందరగోళం రాదు.

భాష ఇక్కడ న్యాయపరమైన అంశం కూడా. దేవికా బిశ్వాస్ కేసులో 2016లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, శస్త్రచికిత్సకు ముందు చూసే అంశాల పట్టికనూ దాని పర్యవసానాలనూ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలని, ఆలోచించుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వాలని ఆదేశించింది. అర్థమయ్యే భాష అంటే తెలుగు లిపిలో ఉన్న భాష అని మాత్రమే కాదు. ‘నాకు తెలియజేయబడినది’, ‘పూర్తి స్పృహతో అంగీకరించడమైనది’ వంటి కర్మణి వాక్యాలు తెలుగు లిపిలోనే ఉన్నా, వాటిలో ఎవరు ఎవరికి ఏం చెప్పారో తెలియదు. ‘ఇతర పద్ధతులు ఉన్నాయని డాక్టరు నాకు చెప్పారు. ఎవరి బలవంతమూ లేకుండా నేనే ఒప్పుకుంటున్నాను’ అన్న కర్తరి వాక్యంలో చెప్పినవారూ ఒప్పుకున్నవారూ స్పష్టంగా కనిపిస్తారు.

అనువాదాన్ని సరిచూడడం

వైద్యపత్రాల అనువాదాన్ని సరిచూడడానికి ప్రసిద్ధమైన పద్ధతి తిరుగు అనువాదం. తెలుగు పాఠాన్ని మూలం చూడని మరొకరి చేత ఇంగ్లీషులోకి మార్పించి, దానిని మూలంతో పోల్చుతారు. అంకెలు మారడం, వాక్యం జారిపోవడం, నిషేధార్థం తారుమారు కావడం వంటి దోషాలను ఇది పట్టుకుంటుంది. పైన చర్చించిన దోషాలలో ప్రధానమైనవి మాత్రం దీనికి అందవు. ‘నెల తప్పడం’ తిరిగి ‘మిస్డ్ పీరియడ్’ అయి వస్తుంది. ‘శుక్రవాహిక’ తిరిగి ‘వాస్ డిఫరెన్స్’ అయి వస్తుంది. రెండు చివరలా సరిపోయింది కనుక అనువాదం నిర్దుష్టమని ముద్ర పడుతుంది. తిరుగు అనువాదం చేసేవాడు ఇంగ్లీషు తెలిసినవాడు, ఏ పదం దేనికి వచ్చిందో ఊహించగలిగినవాడు. సలహా వినవలసిన మనిషి ఆ స్థానంలో లేడు.

అందువల్ల తిరుగు అనువాదంతో పాటు చర్యను అడిగే పరీక్ష అవసరం. పాఠాన్ని ఇంగ్లీషు తెలియని కొందరు స్త్రీలకూ పురుషులకూ వేర్వేరుగా చదివి వినిపించి, ‘అర్థమైందా?’ అని కాక, ‘రెండు నెలలు నెలసరి రాలేదనుకోండి, మీరేం చేస్తారు?’ అని అడగాలి. అంతర పత్రం విన్నవారు ‘ఏమీ చేయను, తేదీకి ఇంజక్షన్‌కు వెళ్తాను’ అంటే పాఠం సరిపోయింది. ‘గర్భం వచ్చిందేమో చూపించుకుంటాను’ అంటే ఎక్కడో పాత జాతీయం పని చేస్తున్నది. శస్త్రచికిత్స పత్రానికి ఇదే ప్రశ్నకు రావలసిన జవాబు సరిగ్గా దీనికి విరుద్ధం. పురుషుల పత్రానికి అడగవలసినవి రెండు: ‘ఆపరేషన్ తర్వాత ఏం మారుతుంది?’, ‘ఆ మరుసటి వారం మీరు ఏ జాగ్రత్త తీసుకుంటారు?’ ‘అర్థమైందా?’ అన్న ప్రశ్నకు తెలుగునాట మర్యాదకైనా ‘ఆఁ’ అనే జవాబే వస్తుంది. ఆ ‘ఆఁ’ అంగీకారానికి గాని అవగాహనకు గాని నిదర్శనం కాదు.

ఈ పరీక్షకు పరిమితి ఉంది. ఒక ప్రాంతంలో నెగ్గిన పాఠం మరొక చోట నెగ్గకపోవచ్చు. పత్రం బాగున్నా చెప్పేవారు దాన్ని పక్కన పెట్టి, అలవాటైన ‘కు.ని.’ భాషలోకి జారిపోవచ్చు. పద్ధతులే అందుబాటులో లేనిచోట ఎంత మంచి వాక్యమూ ఎంపికను కల్పించలేదు.

ముగింపు

గర్భనిరోధక సలహాల అనువాదంలో కనిపించే దోషాలు పదసంపద లేకపోవడం వల్ల వచ్చినవి కావు. ‘నెల తప్పడం’, ‘శుక్రం’, ‘కుటుంబ నియంత్రణ’ అన్నవి తెలుగులో బలంగా పాతుకున్న మాటలు కనుకనే దారి తప్పిస్తున్నాయి. నిఘంటువు ఈ మాటల అర్థం చెబుతుంది కాని, ఏ సందర్భంలో ఏ అర్థం ముందుకు వస్తుందో చెప్పదు. అది జాతీయాలనూ విభక్తులనూ ప్రేరణార్థక రూపాలనూ అధ్యయనం చేసినవారు చెప్పగలిగిన విషయం. ఇటువంటి పత్రాలు వైద్యశాఖలో తయారై, భాషావేత్తల దగ్గరకు వస్తే గిస్తే అక్షరదోషాలు దిద్దడానికి మాత్రమే వస్తున్నాయి. మొదటి ముసాయిదా దశలోనే తెలుగు శాఖల పరిశోధకులు అందులో పాలుపంచుకుంటే, ఒకే ‘మిస్డ్ పీరియడ్’కు మూడు వాక్యాలు ఎందుకు కావాలో అక్కడే తేలుతుంది.